మూడో అంతస్తు బకెట్ నీళ్లు రెండో అంతస్తు కుళాయిలోకి ఎలా వచ్చాయి: మా బిల్డింగ్‌లో బ్యాక్‌ఫ్లో నా అనుభవం

సోమవారం పొద్దున్న రెండో అంతస్తు ప్యాంట్రీ నుంచి ఫోన్ వచ్చింది. కుళాయి తిప్పితే లేత గులాబీ రంగు నీళ్లు, పైన నురుగు, ఫ్లోర్ క్లీనర్ వాసన. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఒకావిడ అప్పటికే కాఫీ మెషిన్‌లో నీళ్లు పోసేసి, వాసన చూసి ఆపేసింది. ఆవిడ తాగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ గ్లాసు కళ్ల ముందు కనిపిస్తుంది.

నేను ఒక ఆఫీసు బిల్డింగ్‌కి మెయింటెనెన్స్ చూస్తాను. గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తులు. బేస్‌మెంట్‌లో ట్యాంకు, దాని పక్కన బూస్టర్ పంపు, అక్కడి నుంచి 50 ఎంఎం రైజర్ పైదాకా వెళ్తుంది, ప్రతి అంతస్తుకీ ఒక బ్రాంచి లైను. పంపు అవుట్‌లెట్ మీద మంచి ఎన్ఆర్‌వి ఉంది, అంటే చెక్ వాల్వ్. అది ఉంది కదా, నీళ్లు వెనక్కి రావు అని నేను ఏళ్ల తరబడి ధైర్యంగా ఉన్నాను.

ముందు చేయాల్సింది చేశాం. అన్ని అంతస్తుల్లో తాగే నీళ్ల కుళాయిల మీద టేపు వేశాం, ఏమైందో దాచకుండా అందరికీ చెప్పాం, కాఫీ మెషిన్లు, ఫిల్టర్లు లైను నుంచి విడదీశాం. తర్వాత పై నుంచి కిందకి ఒక్కో బ్రాంచి కుళాయి పూర్తిగా తెరిచి, రంగూ నురుగూ వాసనా పోయేదాకా వదిలి, ఆ తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు వదిలాం. ఫిల్టర్ల లోపలి కార్ట్రిడ్జిలు అన్నీ పారేశాం, ఎందుకంటే అవి పీల్చుకున్నది కడిగితే పోదు. నీళ్లు పరీక్షకి పంపి, ఫలితం బాగా వచ్చాకే టేపులు తీశాం. అంతవరకు బయటి నుంచి క్యాన్లు తెప్పించాం.

ఇక అసలు ప్రశ్న, ఆ రంగు నీళ్లు లైన్లోకి ఎలా వచ్చాయి?

ఆదివారం మేం చేసిన పని ఒకటే. రెండో అంతస్తు బ్రాంచి మీద పాత గేట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదని దాన్ని మార్చాం. అందుకోసం పంపు ఆపి, రైజర్ అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తెరిచి, నీటి మట్టం రెండో అంతస్తు కిందికి దించాం. ప్లంబర్ పెద్దాయన, చాలా అనుభవం ఉన్న మనిషి, కింద ప్రెషర్ గేజ్ చూసుకుంటూ చేశాడు. పది మీటర్ల నీటి ఎత్తు అంటే సుమారు ఒక బార్ కాబట్టి, గేజ్ 0.6 దగ్గరికి రాగానే మట్టం ఆరు మీటర్లకి వచ్చిందని కాక్ మూసేశాడు. పని సజావుగానే అయింది.

సోమవారం ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగాను. మాటల్లో ఒక ముక్క అన్నాడు.

“డ్రమ్ము నిండిపోయింది సార్. ఇంత నీళ్లు వస్తాయనుకోలేదు.”

ఆ డ్రమ్ము పాతిక లీటర్లది. నేను కాగితం తీసి లెక్క వేశాను. 50 ఎంఎం పైపులో మీటరుకి దాదాపు రెండు లీటర్లు పడతాయి. మూడో అంతస్తు బ్రాంచి పదిన్నర మీటర్ల ఎత్తులో ఉంది, మేం దించింది ఆరు దాకా. నాలుగున్నర మీటర్లు, అంటే తొమ్మిది లీటర్లు. బ్రాంచిలో ఉన్నది ఇంకో మూడు లీటర్లు కలుపుకున్నా పన్నెండు దాటకూడదు. మరి పాతిక ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కడి నుంచో పదమూడు, పదిహేను లీటర్లు రైజర్‌లోకి వచ్చి చేరాయి. పంపు ఆగి ఉంది. కింద నుంచి వచ్చే దారి లేదు. పై నుంచే రావాలి.

మూడో అంతస్తుకి వెళ్లాను. అక్కడ హౌస్‌కీపింగ్ గదిలో మాపు కడిగే సింకు ఉంది. దాని కుళాయికి ఒక గొట్టం, గొట్టం చివర ట్రిగ్గర్ ఉన్న స్ప్రే గన్. ట్రిగ్గర్‌కి చిన్న క్లిప్పు ఉంటుంది, అది పెడితే చేత్తో పట్టుకోకుండానే నీళ్లు వస్తూ ఉంటాయి. ఆ గదిలో పనిచేసే అక్కని అడిగాను.

“ఆదివారం బకెట్ నింపుతుంటే నీళ్లు ఆగిపోయాయి సార్. వస్తాయిలే అని గన్ బకెట్లోనే వదిలేసి వేరే పనికి వెళ్లాను. మందు అప్పటికే కలిపేశాను. తిరిగొచ్చి చూస్తే బకెట్ ఖాళీ. ఎవరో పారబోశారనుకున్నాను.”

ఎవరూ పారబోయలేదు. మా పైపే తాగేసింది.

ఎలాగంటే, కింద డ్రెయిన్ తెరవగానే రైజర్‌లో నీళ్లు దిగడం మొదలుపెడతాయి. ఆ రోజు సెలవు, పైన అన్ని కుళాయిలూ మూసి ఉన్నాయి, కాబట్టి దిగిన నీటి స్థానంలోకి గాలి రావడానికి దారి లేదు. లోపల పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గిపోతుంది. అప్పుడు తెరిచి ఉన్న ఒకే ఒక్క దారి ఆ గొట్టం, దాని కొస బకెట్ నీళ్లలో మునిగి ఉంది. బయటి గాలి బకెట్ మీద నొక్కి ఆ నీళ్లని గొట్టంలోంచి పైకి, కుళాయిలోంచి లోపలికి తోసేసింది. కుళాయి బకెట్ కంటే మీటరు ఎత్తులో ఉంది, అది ఒక అడ్డే కాదు, గాలి పీడనం నీటిని దాదాపు పది మీటర్ల దాకా ఎత్తగలదు. దీన్నే బ్యాక్ సైఫనేజ్ అంటారు. బకెట్ అయిపోయాక అదే గొట్టంలోంచి గాలి వెళ్లి రైజర్ మట్టం దిగింది. కింద నుంచి పోయినవి మంచి నీళ్లు, పైన మిగిలినవి దాదాపు అంతా బకెట్ నీళ్లే. పంపు ఆన్ చేయగానే అవి నేరుగా రెండో అంతస్తులోకి ఎక్కాయి.

నేను నమ్ముకున్న ఎన్ఆర్‌వి ఇందులో తప్పేమీ చేయలేదు. అది పంపులోకి నీళ్లు తిరిగి రాకుండా చూస్తుంది, ఆ పని చక్కగా చేసింది. మూడో అంతస్తు నీళ్లు రెండో అంతస్తుకి పోకుండా అదెలా చూస్తుంది? రెండూ దానికి ఒకే వైపు ఉన్నాయి. బిల్డింగ్ ఎంట్రీలో పెట్టే పరికరం వీధిలైనుని మన నుంచి కాపాడుతుంది. లోపలున్న మనుషుల్ని కాపాడాలంటే ప్రమాదం ఎక్కడుందో అక్కడే, ఆ సింకు దగ్గరే, ఆ యంత్రం దగ్గరే అడ్డు ఉండాలి. ఈ తేడా నాకు అంతకుముందు తెలియదు.

అయితే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టిన విషయం ఒకటుంది. ఆ మాపు సింకు కుళాయికి వాక్యూమ్ బ్రేకర్ ఉంది! కుళాయి మెడ మీద చిన్న టోపీలా ఉండేది అదే. సరిగ్గా ఇలాంటిది జరగకుండా పెట్టినదే. మరి ఎందుకు పనిచేయలేదు?

పెద్దాయన టోపీ విప్పాడు. లోపల ఒక రబ్బరు డిస్క్ ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడు నీటి తోపుకి డిస్క్ పైకి లేచి గాలి రంధ్రాలు మూసేస్తుంది, కట్టేసినప్పుడు బరువుకి కిందపడి రంధ్రాలు తెరుచుకుంటాయి. లోపల పీడనం పడిపోతే గాలి ఆ రంధ్రాల్లోంచి లోపలికి వస్తుంది, గాలి వచ్చాక గొట్టం నీళ్లని లాగలేదు. అంతే దాని విద్య. మా డిస్క్ పై సీటుకి అతుక్కుపోయి ఉంది, చుట్టూ తెల్లటి ఉప్పు పొర. వేలితో నొక్కితే రాలేదు, స్క్రూడ్రైవర్ మొనతో లేపాల్సి వచ్చింది.

కారణం ఆ గన్. గన్ పెట్టాక ఎవరూ కుళాయి కట్టరు, ట్రిగ్గర్ వదిలితే చాలు కదా. దాంతో రాత్రీ పగలూ వాక్యూమ్ బ్రేకర్ ప్రెషర్‌లోనే ఉంది, డిస్క్ నెలల తరబడి ఒక్కసారి కూడా కిందపడలేదు. ఈ రకం, అంటే అట్మాస్ఫెరిక్ వాక్యూమ్ బ్రేకర్, 24 గంటల్లో 12 గంటలకి మించి వరసగా ప్రెషర్‌లో ఉండకూడదు. దాని తర్వాత మూసే వాల్వ్ ఏదీ ఉండకూడదు. గన్ కూడా ఒక వాల్వే అని మాకెవరికీ తట్టలేదు. పరికరం కొని పెట్టారు, దాని చావుకి కారణమైన వస్తువు కూడా మేమే తగిలించాం.

అక్కకి గన్ తీసేయమని ఊరికే చెబితే సరిపోదని నాకు అర్థమైంది. గన్ లేకపోతే ఆవిడ ప్రతిసారీ వంగి కుళాయి కట్టాలి, నీళ్లు ఒలుకుతాయి, నాలుగు రోజుల్లో ఇంకో గన్ వస్తుంది. అందుకని ఆవిడతోనే కూర్చుని మార్చాం. గన్ చేసే పనిని వాక్యూమ్ బ్రేకర్‌కి ముందుకి తెచ్చాం, అంటే నొక్కితే తెరుచుకుని తనంతట తనే మూసుకునే కుళాయి పెట్టి, దాని తర్వాత కొత్త వాక్యూమ్ బ్రేకర్ పెట్టాం. ఇప్పుడు కుళాయి మూసుకోగానే బ్రేకర్ మీద ప్రెషర్ పోతుంది, డిస్క్ ప్రతిసారీ కిందపడుతుంది. బ్రేకర్‌ని దాని తర్వాత వచ్చే పైపులో అన్నిటికంటే ఎత్తైన చోటు కంటే 150 ఎంఎం పైన ఉండేలా బిగించాం. గొట్టాన్ని కూడా కురచగా కోశాం, బకెట్ అంచుకి పైనే వేలాడుతుంది, ఎంత లాగినా నీళ్లలో మునగదు.

ఆ వారం అంతా బిల్డింగ్ తిరిగాను. చేసింది కష్టమైన పనేం కాదు, ప్రతి నీటి పైపు కొస దాకా వెళ్లి, ఆ కొస ఎక్కడ ముగుస్తోంది, గాలిలోనా, నీళ్లలోనా, ఇంకో పైపులోనా అని చూడటమే. ఒక రాత్రి దీని గురించి చదువుతుంటే 1933 షికాగో సంగతి కనపడింది. ప్రపంచ ప్రదర్శనకి వచ్చిన జనం దిగిన హోటళ్లలో మంచినీళ్ల లైన్లలోకి మురుగు కలిసి అమీబిక్ డిసెంటరీ వచ్చింది, 98 మంది చనిపోయారు. ఆ తర్వాత రోజు నుంచి ఇంకొంచెం నెమ్మదిగా తిరిగాను.

రెండు చోట్ల దొరికాయి.

మొదటిది టెర్రస్ మీద కూలింగ్ టవర్. ఆ బేసిన్ నీళ్లలో నాచు పట్టకుండా, తుప్పు పట్టకుండా మందులు కలుపుతారు. అందులో తగ్గిన నీళ్లని నింపే మేకప్ నీళ్లు 25 ఎంఎం పైపులోంచి ఫ్లోట్ వాల్వ్ ద్వారా పడతాయి. కట్టినప్పుడు ఆ పైపు బేసిన్ అంచుకి పైనే ఆగింది. తర్వాత ఎప్పుడో, నీళ్లు పడే చప్పుడు కింద గదిలోకి వినిపిస్తోందని ఎవరో దానికి అడుగు పొడవు ముక్క తగిలించారు. కొస నీళ్లలో మునిగింది, చప్పుడు ఆగింది. మందు నీళ్లకి, తాగే నీళ్ల లైనుకి మధ్య ఉన్న ఖాళీ కూడా దాంతోనే పోయింది.

ఎయిర్ గ్యాప్ అంటే ఆ ఖాళీయే. అందులో స్ప్రింగు లేదు, రబ్బరు లేదు, అరిగేదేమీ లేదు, అందుకే అన్నిటికంటే నమ్మకమైనది. పైపు లోపలి వ్యాసానికి కనీసం రెండు రెట్లు ఉండాలి, పైపు ఎంత సన్నదైనా 25 ఎంఎం కి తగ్గకూడదు. మా పైపుకి 50 ఎంఎం కావాలి. ముక్క కోసేసి టేపుతో కొలిచాను, కొస నుంచి నీటి మట్టం దాకా 80 వచ్చింది, బాగుందనుకున్నాను. పెద్దాయన నా చేతిలోంచి టేపు తీసుకుని బేసిన్ పై అంచు దగ్గర పెట్టాడు. అక్కడ నుంచి చూస్తే 20 మాత్రమే ఉంది. ఫ్లోట్ ఇరుక్కుపోయి ఓవర్‌ఫ్లో పైపు కూడా మూసుకుపోతే నీళ్లు అంచు దాకా వస్తాయి, ఖాళీ ఉండాల్సింది ఆ రోజుకి. కాబట్టి కొలత ఎప్పుడూ పొర్లిపోయే అంచు నుంచే. పైపుని పైకెత్తి 60 చేశాం. చప్పుడు కోసం నీళ్లు పడే చోట వాలుగా ఒక రేకు పెట్టాం, అంచుకి కిందే, గ్యాప్‌లోకి రాకుండా. కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు, కింద గదివాళ్లకి ఎందుకో వివరంగా చెప్పాను.

రెండోది నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏసీ చిల్డ్ వాటర్ లూప్. అది మూసి ఉన్న వలయం, అందులో తుప్పు ఆపే రసాయనం ఉంటుంది, లోపల పంపు తిరుగుతూ ఉంటుంది. దానికి నీళ్లు తగ్గితే నింపడానికి తాగేనీళ్ల లైను నుంచి నేరుగా ఒక పైపు, మధ్యలో ఒకే ఒక్క ఎన్ఆర్‌వి. ఇక్కడ లాగడం అవసరం లేదు. లూపు ప్రెషర్ మన లైను ప్రెషర్ కంటే ఎక్కువైన క్షణంలో అదే వెనక్కి తోస్తుంది, దాన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు. వాక్యూమ్ బ్రేకర్ ఇక్కడ పనికిరాదు, అది లాగడాన్ని ఆపుతుంది గానీ తోయడాన్ని ఆపలేదు.

ఎన్ఆర్‌వి పట్టుకుంటోందా లేదా అని చూశాం. దానికి ముందున్న వాల్వ్ మూసి, రెండింటి మధ్య ఉన్న చిన్న డ్రెయిన్ తెరిచాం. ఆ ముక్క పైపులో ఉన్న నీళ్లు ఒక చెంబుడు రావాలి, ఆగిపోవాలి. వచ్చాయి, సన్నబడ్డాయి, కానీ ఆగలేదు. పెన్సిల్ అంత ధార వస్తూనే ఉంది, కాసేపటికి పసుపు రంగు తిరిగింది. లూపు నీళ్లే. విప్పితే డిస్క్ కింద గోరంత తుప్పు పెంకు ఇరుక్కుని ఉంది. ఒక పెంకు చాలు, ఒక్క చెక్ వాల్వ్ ఉన్న చోట ఏ అడ్డూ లేనట్టే. పైగా అది పాడైందని బయటికి ఏ గుర్తూ కనపడదు.

అక్కడ ఆర్‌పీజడ్, అంటే రెడ్యూస్డ్ ప్రెషర్ జోన్ పరికరం పెట్టించాం. ఇందులో వరసగా రెండు చెక్ వాల్వ్‌లు, వాటి మధ్య గదిలో కింద ఒక రిలీఫ్ వాల్వ్ ఉంటాయి. మొదటి చెక్ దాటాక ప్రెషర్ కొంత తగ్గుతుంది, కాబట్టి మధ్య గది ఎప్పుడూ సప్లై కంటే తక్కువలో ఉంటుంది. ఏ చెక్ అయినా కారి ఆ తేడా 2 పీఎస్ఐ దాకా తగ్గిపోయేలోపే రిలీఫ్ తెరుచుకుని మధ్య గది నీళ్లని బయటికి, నేలమీదికి పారేస్తుంది. చెడు నీళ్లు ముందుకు పోయే బదులు కిందపడతాయి, మనకి కనిపిస్తాయి. ఎన్ఆర్‌వికి లేనిది ఇదే, తను పాడైందని తనే చెప్పడం. అందుకు బదులుగా లైను ప్రెషర్‌లో పదికి పైగా పీఎస్ఐ పోతుంది, మాకు నింపే లైనే కాబట్టి ఇబ్బంది కాలేదు.

బిగించిన రోజే రిలీఫ్ నుంచి నీళ్లు కారడం మొదలైంది. సహాయకుడు కుర్రాడు ప్లగ్ పట్టుకొచ్చాడు, “మూసేద్దాం సార్, లీకవుతోంది” అని. నేను అరిచినంత పని చేశాను. ఆ నోరు మూస్తే మిగిలేది రెండు చెక్ వాల్వ్‌లే. పరీక్షించడానికి ఆ పరికరం మీద వరసగా ఉండే చిన్న టెస్ట్ కాక్‌లలో చివరిది తెరిచి నీళ్లు పారేలా చేస్తే కారడం ఆగింది, మూస్తే మళ్లీ మొదలైంది. అంటే తప్పు రిలీఫ్‌ది కాదు, మొదటి చెక్ పూర్తిగా కూర్చోవడం లేదు. పారుతున్నప్పుడూ ఆగినప్పుడూ ఒకేలా కారి ఉంటే రిలీఫ్‌నే విప్పేవాళ్లం. మొదటి చెక్ విప్పితే థ్రెడ్‌కి చుట్టిన టేపు ముక్క సీటు మీద ఉంది. బిగించే ముందు లైను కడగలేదు, అదీ సంగతి. కడిగి, ముందు ఒక స్ట్రైనర్ పెట్టి మళ్లీ బిగించాం. రిలీఫ్ కింద డ్రెయిన్ గరాటాకి కూడా ఖాళీ వదిలాం. దాన్ని నేరుగా మురుగు పైపుకి కలిపితే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

టెస్టర్ వచ్చి మూడు గొట్టాల గేజ్ తగిలించి కొలిచాడు. మొదటి చెక్ దగ్గర తేడా 7.2 పీఎస్ఐ, రిలీఫ్ 3.1 దగ్గర తెరుచుకుంది, రెండో చెక్ వెనక నుంచి ప్రెషర్ ఇచ్చినా పట్టుకుంది. అంకెలు ఒక ట్యాగ్ మీద రాసి పరికరానికే కట్టాడు. ఏడాదికోసారి మళ్లీ కొలవాలి, ఆ 3.1 ఏటేటా 2 వైపు జారుతుంటే రబ్బర్లు మార్చే సమయం వచ్చినట్టు.

అన్నీ అయ్యాక కూడా నాకు నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం మళ్లీ పెద్దాయన్ని పిలిచి, అదే పరిస్థితి కావాలనే తెప్పించాం. ప్యాంట్రీ కుళాయిలు అన్నీ మూసి, మాపు సింకు దగ్గర కొత్త బకెట్‌లో మంచి నీళ్లు పోసి, అంచు లోపల పెన్నుతో గీత గీశాను. ఈ పరీక్ష కోసం మాత్రం పొడవు గొట్టం తగిలించి, కొస బకెట్ అడుగుదాకా ముంచాను. పెద్దాయన కింద పంపు ఆపి డ్రెయిన్ తెరిచాడు. నేను కుళాయి మీట నొక్కి పట్టుకుని కూర్చున్నాను, అక్క పక్కనే నిలబడింది.

మొదట ఏమీ లేదు. తర్వాత బ్రేకర్ టోపీలోంచి ఉస్స్ మని గాలి లోపలికి పోతున్న చప్పుడు వచ్చింది. రైజర్ దిగినంతసేపూ ఆ చప్పుడు అలాగే ఉంది. కింద నుంచి ఫోన్‌లో పెద్దాయన గొంతు.

“పన్నెండు లీటర్లే వచ్చాయి సార్, ఇంక ఆగింది.”

అక్క వంగి బకెట్లోకి చూసింది. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.

ఆ రాత్రే ఇంకో మార్పు కూడా చేశాం. రైజర్ దించాల్సి వస్తే ముందు పై అంతస్తులో ఒక కుళాయి తెరిచి గాలికి దారి ఇవ్వాలని, తర్వాతే డ్రెయిన్ ముట్టుకోవాలని, ఆ అంతస్తుల్లో బకెట్లు, గొట్టాలు ఒకసారి చూసి రావాలని పంపు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాం. ఆ అక్షరాలు పెద్దాయనే రాశాడు.